మైనస్ తొంభై ఆరు చేపలు

పంకజాక్షికి మనుషులు తొందరగా నచ్చేవారు కాదు. చిత్తూరు బజారువీధిలో బియ్యం, పప్పుల అంగడి పెట్టుకున్న తిరుమలయ్య శెట్టి మూడో కూతురు. అంగట్లోకి వచ్చిన వాళ్లను గల్లాపెట్టె పక్క నుంచి చూస్తూ పెరిగింది. బేరమాడేవాళ్లంటే చులకన, ఆడకుండా కొనేవాళ్లంటే ఇంకా చులకన. "దీని నోటికి తాళం వేసేవాడు యాడ పుట్టినాడో" అని తల్లి భారతమ్మ నిట్టూర్చేది. అలాంటి వాడి కోసం వెతికి వెతికి విసుగెత్తి, ఇంటర్మీడియట్ మంచి మార్కులతో పాసైన పిల్లను తిరుమలయ్య తిరుపతిలో బియ్యెస్సీకి చేర్చాడు. అది పందొమ్మిదివందల నలభై ఆరు. ఊళ్లో ఆడపిల్లను జువాలజీ చదివించే శెట్టి ఇంకొకడు లేడు. ఆ మాట పదిమందీ అనుకోవడం ఆయనకు లోపల్లోపల ఇష్టం.

తిరుపతిలో మేనత్త దేవకమ్మ ఇంట్లో దిగింది. క్లాసులో మగపిల్లలు తొమ్మిదిమంది, తనొక్కతే ఆడది. ముందు బెంచీ మొత్తం ఆమెదే. వెనక తొమ్మిదిమందీ ఇరుక్కుని కూర్చునేవాళ్లు. వాళ్లలో ఏర్పేడు నుంచి వచ్చిన సుబ్రమణ్యం అనే సన్నటి కుర్రాడి దస్తూరీ మాత్రం ముత్యాల్లా ఉండేది. లెక్చరర్ దగ్గినా రాసుకునే రకమని పంకజాక్షి వాడిని మొదటి వారంలోనే తీసిపారేసింది.

ఆ లెక్చరర్ పేరు ఆదిమూలం. మద్రాసులో చదివి వచ్చాడు. తిరుపతి ఎండలో కూడా కోటు విప్పేవాడు కాదు. పాఠం చెప్పేవాడు కాదు, నోట్సు చెప్పేవాడు. కాగితాల కట్ట విప్పి, కామా దగ్గర కామా అనీ, పుల్‌స్టాపు దగ్గర పుల్‌స్టాపు అనీ చదివేవాడు. ప్రశ్న అడిగితే కళ్లజోడు తీసి తుడుచుకుని, తిరిగి పెట్టుకుని, ఆపిన కామా దగ్గరే మొదలుపెట్టేవాడు. ఆ కాగితాలు ఆయన సొంత చదువు నాటివని పంకజాక్షికి అనుమానం. అందుకని నోట్సు రాసుకోవడమే మానేసింది. పుస్తకం తెరిచి, పెన్ను మూసి, ఆయన కోటు గుండీలు చూస్తూ కూర్చునేది.

ఆ ఏడాది ఎకాలజీ అనే కొత్త పాఠం వచ్చింది. ఆదిమూలం ఎప్పుడూ లేనిది ఆ రోజు నల్లబల్ల మీద సుద్దముక్కతో రెండు గీతలు గీశాడు. ఒకటి పోనుపోను నిట్టనిలువుగా పైకి పోయేది. రెండోది మొదట నెమ్మదిగా, నడుమ వేగంగా ఎక్కి, చివర పైన వంగి బల్లపరుపుగా నిలిచేది.

"మొదటిది ఎక్స్‌పొనెన్షియల్. తిండికి, చోటుకు లోటు లేనప్పుడు ఉన్న సంఖ్యను బట్టి పెరుగుదల. ఎంతమంది ఉంటే అంత ఎక్కువమంది పుడతారు. ఇరవై పిండిపురుగులు నెలనెలా రెట్టింపైతే ఏడాదికి ఎన్ని?"

 పంకజాక్షి నోటిలెక్కన "ఎనభై ఒక్క వేల తొమ్మిది వందల ఇరవై" అంది. అంగడి పిల్లకు అదేం గొప్ప కాదు.

"అవును. కానీ అట్లా జరగదు. రెండోది లాజిస్టిక్. ఒక చోటు ఇంతమందినే మోయగలదు అనే హద్దు ఉంటుంది. దాన్ని క్యారీయింగ్ కెపాసిటీ అంటారు. సంఖ్య ఆ హద్దుకు దగ్గరయ్యేకొద్దీ పెరుగుదల తగ్గి, హద్దు దగ్గర ఆగిపోతుంది. హద్దును సంఖ్య ఎన్నటికీ దాటదు, కామా—"

కామా తరువాత ఏం రావాలో చెప్పకుండా ఆయన కాగితాలు పక్కన పెట్టాడు. ఉపన్యాసం ఇవ్వాలని బుద్ధి పుట్టినట్టుంది.

"మన దేశం సంగతి చూడండి. ఈ కూలినాలి జనం పిండిపురుగుల్లా పెరుగుతున్నారు. బెంగాలు కరువులో ఏం జరిగింది? హద్దు తగిలింది. అంతే. ప్రకృతి లెక్క."

వెనక బెంచీలో పెన్నులు గబగబా కదిలాయి. బెంగాలులో చచ్చిన జనం సుబ్రమణ్యం నోట్సులోకి ముత్యాల్లా ఎక్కిపోయారు. పంకజాక్షి లేచి నిలబడింది.

"సార్, ఆ పురుగుల సీసాలో పిండి ఎవరు పోస్తారు?"

"అటెండర్ పోస్తాడు."

"అటెండర్ సగం పిండి ఇంటికెత్తుకుపోతే సీసా హద్దు సగమవుతుంది కదా సార్. అది పురుగుల తప్పా?"

ఆదిమూలం కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. "అది ఎకాలజీ కాదు" అన్నాడు. తరువాత కామా దగ్గర మొదలుపెట్టాడు.

ఆమెకు ఆ రోజే తెలిసిపోయింది, ఈయన పిండి గురించి ఎప్పుడూ ఆలోచించలేదని. పంకజాక్షి పెద్ద చదువుకు రాకముందు నాలుగేళ్లూ రేషను రోజుల్లోనే గడిచాయి. కంట్రోలు బియ్యం కోసం అంగడి ముందు జనం పొద్దుటి నుంచి నిలబడటం చూసింది. గోదాములో మూటలుండగా వీధిలో లేకపోవడమూ చూసింది. ఆ మూటల్లో కొన్ని నాయనవే అనీ ఆమెకు తెలుసు. అందుకే నాయన మీదా ఆమెకు పెద్ద గౌరవం లేదు.

ప్రాక్టికల్ కింద ఒక్కొక్కరికీ ఒక గాజుసీసా, కాస్త గోధుమపిండి, ఇరవై పిండిపురుగులు ఇచ్చారు. పదిహేను రోజులకొకసారి జల్లెడ పట్టి, పెద్దవీ చిన్నవీ అన్నీ లెక్కపెట్టి, పాత పిండి తీసేసి అంతే బరువు కొత్త పిండి పోసి, పురుగులను మళ్లీ సీసాలో వేయాలి. ఫిబ్రవరి పరీక్షలోపు ఆ లెక్కలతో గీత గీయాలి. రేషనులో వచ్చిన అమెరికా గోధుమపిండి ఊళ్లో మనుషులకే నోటికి పోవడం లేదు, పురుగులు మాత్రం ఆనందంగా తిన్నాయి.

మగపిల్లలెవరూ లెక్కపెట్టలేదు. ఎస్ అక్షరంలాంటి గీత ముందే బల్లమీద ఉన్నప్పుడు పురుగులతో పనేముంది? గీత మీంచి అంకెలు దింపి, అంకెల కింద తేదీలు వేసుకున్నారు. సుబ్రమణ్యం సీసాలో మూడు నెలలైనా పిండి మార్చలేదు. పిండి బూడిదరంగు తిరిగి, కంపు కొట్టి, పురుగులు ఒక్కటీ మిగలకుండా చచ్చాయి. రికార్డులో మాత్రం అవి నిక్షేపంగా పెరిగి, హద్దు చేరి, అక్కడ మర్యాదగా నిలబడ్డాయి.

పంకజాక్షి లెక్కపెట్టింది. చదువు మీద భక్తితో కాదు, ఆదిమూలం చెప్పింది తప్పని తేల్చడానికి. తేలలేదు. ఆమె సీసాలో పురుగులు మొదట మెల్లగా, తరువాత దబదబా పెరిగాయి, దీపావళి నాటికి మూడొందలు దాటి, అక్కడక్కడే కాస్త పైకీ కాస్త కిందికీ ఊగుతూ నిలిచాయి. జనం ఎక్కువైతే పెద్ద పురుగులు తమ గుడ్లనే తినేస్తాయని పుస్తకంలో ఉంది. జల్లెడలో చూస్తే అదీ నిజమే అనిపించింది. గీత గీస్తే దాదాపు ఆ బల్లమీది ఎస్సే వచ్చింది. ఆమెకు ఒళ్లు మండింది.

కానీ ఆ ఊగడం ఒకటి కంటికి తగిలింది. మూడొందలు దాటి, మళ్లీ దిగి, మళ్లీ దాటడం. "ఎన్నటికీ దాటదు" అన్న ఆయన మాట చెవిలో ఉంది. దాటిస్తే ఏమవుతుంది?

దాటించడానికి పురుగులు కావాలి. అవి దసరా సెలవులకు చిత్తూరు పోయినప్పుడే ఇంటి గోదాములో బోలెడు కనిపించాయి. ఇప్పుడు సెలవు చూసుకుని మళ్లీ పోయింది. రేషను గోధుమపిండి బస్తాలను జల్లిస్తూ ఉండగా నాయన చూశాడు.

"ఏం చేస్తా ఉండావు మే?"

"పిండిపురుగులు ఏరుతుండాను నాయనా. కాలేజీకి కావల్ల."

తిరుమలయ్య తువ్వాలు భుజం మీంచి జారింది. గబగబా వచ్చి గోదాము తలుపు దగ్గరికి వేశాడు. "మెల్లగా మాట్లాడు! శెట్టి అంగట్లో పురుగులుండాయని తిరుపతి దాకా చాటింపేస్తావా? పక్కింటి మునిరామయ్యకు తెలిస్తే రేపు పొద్దున నా అంగడికి ఈగ కూడా రాదు."

"ఆయన అంగట్లో ఇంకా ఎక్కువుండాయి నాయనా. దసరాకు వచ్చినప్పుడు సూసినా."

తిరుమలయ్య కోపం మరిచిపోయాడు. "నిజంగానా?" అన్నాడు. ఆ తరువాత ఆయనే జల్లెడ పట్టుకుని సాయం చేశాడు.

మూత గట్టిగా బిగించని డబ్బా పట్టుకుని పంకజాక్షి తిరుపతి బండి ఎక్కింది. పాకాల స్టేషనులో బండి అలవాటు ప్రకారం ఎంతసేపో ఆగింది. ఎదురు బెంచీ మీద కొండకు పోతున్న ఒక లావుపాటి ఆమె పులిహోర పొట్లం విప్పేసరికి డబ్బా మూత లేచింది. పొట్లం మీద నల్లగా ఆవాలు చల్లినట్టు కనిపిస్తే ఆమె మొదట ఆవాలే అనుకుంది. ఆవాలు నడిచాక కేక పెట్టింది.

"యాడి పాపిష్టి పిల్లవమ్మా నువ్వు! పురుగులు కొండకు తీసకపోతుండావా?"

"కొండకు కాదు, కాలేజీకి" అంది పంకజాక్షి, పులిహోరలోంచి ఏరుకుంటూ. ఆమెకు సిగ్గు వేయలేదు. ఆవాలకు పురుగులకు తేడా తెలియనివాళ్లు వండుకోవడం ఎందుకు అనుకుంది.

మిగిలినవి దాదాపు ఏడొందలు. మొదటి సీసాలో ఉన్నంత పిండే రెండో సీసాలో పోసి, అన్నీ అందులో వదిలింది. హద్దుకు రెట్టింపు పైన. అవే పదిహేను రోజుల లెక్క, అదే జల్లెడ. సంఖ్య దిగడం మొదలైంది. మొదట ఎక్కువగా, తరువాత తక్కువగా. పరీక్ష నాటికి నాలుగొందల దగ్గరికి దిగింది, ఇంకా దిగుతోంది. హద్దు కింద ఉన్నవి పైకెక్కుతున్నాయి, పైన ఉన్నవి కిందికి దిగుతున్నాయి. రెండూ పోయేది ఒక చోటికే. ఆదిమూలం సగం చెప్పి కామా పెట్టింది ఇదేనని ఆమెకు అర్థమైంది.

పరీక్షలో మూడు ప్రశ్నలకే మార్కులన్నీ. చెరువు ఒకటి, అది వెయ్యి చేపలను మోయగలదు. తిండికి లోటు లేకపోతే ఏడాదికి నూటికి నలభై చొప్పున పెరుగుతాయి. ఐదొందలుంటే ఎంత వేగాన పెరుగుతాయి, తొమ్మిదొందలుంటే ఎంత, అన్నది మొదటి ప్రశ్న. ఒక్కో చేప వాటాన పెరుగుదల ఎప్పుడు ఎక్కువ, అన్నది రెండోది. పన్నెండొందలుంటే ఏమిటి, అన్నది మూడోది.

మొదటిది ఆమెకు నిమిషం పట్టలేదు. ఐదొందలకు నూటికి నలభై అంటే రెండొందలు, కానీ చెరువు సగం నిండింది కాబట్టి అందులో సగమే, వంద. తొమ్మిదొందలకు హద్దు లేకపోతే మూడొందల అరవై, కానీ పదోవంతే ఖాళీ కాబట్టి ముప్పై ఆరు. చేపలు పెరిగాయి, పెరుగుదల తగ్గింది. రెండోదానికి ఆలోచించకుండా "హద్దులో సగం ఉన్నప్పుడు" అని రాసి దాటింది. మూడోదాని కోసమే ఆమె చేయి తహతహలాడింది. పన్నెండొందలకు నాలుగొందల ఎనభై. ఖాళీ ఎంత? ఖాళీ లేదు, ఐదోవంతు మీరిపోయింది. కనుక మైనస్ తొంభై ఆరు. కింద రెండు గీతలు గీసింది.

వారం తరువాత ఆదిమూలం జవాబు పత్రాలు తెచ్చాడు. ఎప్పుడూ జవాబులు చదివి వినిపించని మనిషి ఆ రోజు ఒకటి తీసి బిగ్గరగా చదివాడు.

"పన్నెండొందలుంటే మైనస్ తొంభై ఆరు చేపలట! మైనస్ చేప ఎలా ఉంటుందమ్మా? వెనక్కి ఈదుతుందా?"

తొమ్మిదిమందీ నవ్వారు. సుబ్రమణ్యం నవ్వి నోరు మూసుకున్నాడు. "హద్దు దాటడం అసాధ్యం. ప్రశ్నే పుట్టదు. అదీ జవాబు. నోట్సు రాసుకున్నవాళ్లందరూ రాశారు" అని ఆయన ఆ ప్రశ్నకు సున్నా చుట్టి కాగితం ఆమె బెంచీ మీద పడేశాడు.

పంకజాక్షి లేచింది. 

"చచ్చిపోయే చేపలు సార్. పుట్టేవాటి కంటే చచ్చేవి ఏడాదికి తొంభై ఆరు చొప్పున ఎక్కువ. దానికి వెనక్కి ఈదక్కర్లేదు. చెరువులో పన్నెండొందలు ఎవరైనా తెచ్చి వదలొచ్చు. ఎండాకాలం చెరువు కుంచించుకుపోయినా హద్దే దిగొస్తుంది, చేపలు మీరిపోతాయి. మీ సూత్రమే ఆ జవాబు చెప్తా ఉండాది. మీ నోట్సే చెప్పట్లేదు."

 ఆమె లేబొరేటరీలోంచి రెండో సీసా తెచ్చి బల్లమీద పెట్టింది. ఆదిమూలం ఆ సీసాను దగ్గరికి తీసుకోలేదు. "ఎవరి అనుమతితో పెట్టావు ఇది? అనుమతి లేని ప్రయోగం చెల్లదు" అన్నాడు. లోపల నాలుగొందల పురుగులకు అనుమతి సంగతి తెలియదు, అవి చావడం మానలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె ప్రిన్సిపాల్ గదికి పోయింది. ఆయన పేరు వెంకటేశ్వర్లు, లెక్కల మనిషి. జవాబు పత్రం చూసి, పెన్సిలుతో ఒకటిలోంచి ఒకటిన్నీ ఐదోవంతూ తీసేసి చూసుకుని, తల ఊపాడు.

"లెక్క సరిగ్గానే ఉండాదమ్మా. ఇందులో తప్పేమీ లేదు."

"అయితే మార్కులు వేయించండి సార్."

ప్రిన్సిపాల్ పెన్సిలు కింద పెట్టాడు. "చూడమ్మా, ఆయన సీనియర్. ఇంతకు ముందే ఇద్దరు లెక్చరర్లు మానేసి పోయినారు. ఇప్పుడు నేను ఆయన తప్పని రాస్తే ఆయనా పోతాడు, జువాలజీ ఎవరు చెప్తారు? నువ్వు చెప్తావా?"

"చెప్తాను" అంది పంకజాక్షి. ఆయన నవ్వాడు. అది ఆమెకు మైనస్ చేపల నవ్వు కంటే ఎక్కువ తగిలింది. ఆదిమూలానికి తెలియదు కాబట్టి ఎగతాళి చేశాడు. ఈయన తెలిసీ నవ్వుతున్నాడు.

వరండాలోకి వచ్చేసరికి సుబ్రమణ్యం నిలబడి ఉన్నాడు. చేతిలో తన జవాబు పత్రం.

"మూడోది నీదే కరెక్టు" అన్నాడు. "నేను నోట్సులో ఉండేది రాసేసినా."

"తెలుసు."

"కానీ రెండోది నువ్వు తప్పు రాసినావు గదా?"

పంకజాక్షి అతని కాగితం లాక్కుని చూసింది. సగం దగ్గర ఎక్కువ ఉండేది మొత్తం చెరువు పెరుగుదల. ఒక్కో చేప వాటా మాత్రం చేపలు అతి తక్కువ ఉన్నప్పుడే ఎక్కువ, ఆ తరువాత ప్రతి చేప చేరినప్పుడల్లా తగ్గుతూ పోతుంది. అది ఆదిమూలం నోట్సులో, కామాతో సహా, సరిగ్గానే ఉంది. సుబ్రమణ్యం దాన్ని అలాగే రాసుకున్నాడు. ఆమె రాసుకోలేదు. ఆమె కాగితంలో ఆ ప్రశ్నకు ఆదిమూలం ఎర్రసిరాతో పెట్టిన ఇంటూ గుర్తు న్యాయమైనదే.

ఆ సంగతి ప్రిన్సిపాల్ దగ్గర ఆమె ఎత్తలేదు, ఇప్పుడూ ఎత్తబుద్ధి కాలేదు. కాగితం తిరిగి ఇచ్చేసి, "నీ సీసాలో పురుగులు చచ్చి మూడు నెలలైనాయి, మొదట అది పారెయ్" అని మాత్రం అంది. సుబ్రమణ్యం తల దించుకుని పోయాడు. ఆమె గెలిచినట్టు నడిచింది గానీ, రాత్రి అన్నం సయించలేదు. మేనత్త దేవకమ్మ "ఏమైనాది మే?" అని అడిగితే "ఏమీ లే, పప్పులో ఉప్పెక్కువ" అంది. ఉప్పు సరిగ్గానే ఉంది.

మార్కులు మారలేదు. ఆమె వెనకబడి రెండో తరగతిలో డిగ్రీ తెచ్చుకుంది, సుబ్రమణ్యం ఆమె కంటే పై స్థానంలో నిలిచి అటవీశాఖలో చేరాడు. తరువాతి జట్టుకు ఆదిమూలం చెప్పిన నోట్సులో ఒక కొత్త వాక్యం చేరిందని ఆమెకు తెలిసింది: "సంఖ్య హద్దును మించిన యెడల పెరుగుదల ఋణాత్మకమగును, పుల్‌స్టాప్." ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన చెప్పలేదు. ఎవరూ అడగలేదు. అది విని పంకజాక్షి చాలాసేపు నవ్వింది. దొంగిలించినా సరిగ్గా దొంగిలించాడు, అదే పదివేలు అంది.

నలభై ఎనిమిదిలో చిత్తూరులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరింది. తిరుమలయ్య అంగట్లో వచ్చినవాళ్లందరికీ ఆ మాట చెప్పుకున్నాడు. మొదటి నెలలోనే పిల్లలు హెడ్‌మిస్ట్రెస్ పోలేరమ్మ దగ్గరికి ఫిర్యాదుకు పోయారు. కొత్త టీచరు నోట్సు చెప్పడం లేదట, ప్రశ్నలే అడుగుతోందట, పరీక్షకు ఏం చదవాలో తెలియడం లేదట.

"నోట్సు చెప్పమ్మా, మన పిల్లలు అదే కోరేది" అంది పోలేరమ్మ. "నీ పౌరుషం వాళ్ల పరీక్షకెందుకు?"

పంకజాక్షికి ఆ పిల్లల మీద వచ్చిన అసహ్యం ఇంతా అంతా కాదు. నలభై జతల కళ్లు, నలభై మూసిన నోళ్లు. అయినా మరుసటి రోజు నోట్సు చెప్పింది. రాసుకోకుండా చేతులు కట్టుకుని కోటు గుండీలు చూసే పిల్లకు ఏం జరుగుతుందో ఆమె ఎరుగును. ఒక పేజీ చెప్పి, ఆగి, "ఇప్పుడు ఇందులో తప్పేముందో చెప్పండి. చెప్పకపోతే ఇంకో పేజీ లేదు" అంది. గంట కొట్టేదాకా ఎవరూ నోరు విప్పలేదు. ఆమె కూడా కుర్చీలోంచి లేవలేదు.